క్లిక్ పడిన చోటల్లా జూమ్ కావాలా?

నవీన్_పాఠాలు: ఎక్సెల్ పివట్ టేబుల్ మీద వీడియో చేశాను. ఫోన్‌లో చూసేవాళ్ళే ఎక్కువని ఆటో జూమ్ పెట్టాను, కర్సర్ చుట్టూ పసుపు వలయం కూడా. చూసినవాళ్ళు తల తిరుగుతోందంటున్నారు. జూమ్ తీసేస్తే అక్షరాలు కనపడవు. ఏం చెయ్యాలి?

కిరణ్_కట్స్: జూమ్ ఉండాల్సిందే అన్నా. జనానికి విసుగు పుట్టించేది జూమ్ కాదు, సాగదీత. మాట లేని చోటల్లా కోసి పారెయ్. నేనైతే ఎడిటింగ్‌కి కూర్చోను, ఇది కొట్టి వదిలేస్తా:

```
auto-editor paatham.mp4 --margin 0.2sec
```

రమాదేవి: సాగదీత సంగతి నిజమే గానీ, తల తిరగడానికి కారణం అది కాదండీ. పివట్‌లో నొక్కేది ఒకచోట, ఫలితం కనిపించేది ఇంకోచోట. కుడివైపు PivotTable Fields పేన్‌లో మీరు జిల్లా ఫీల్డ్‌ని Rows లోకి లాగుతారు. అదే క్షణంలో ఎడమ పక్కన A3 దగ్గర జిల్లాల పేర్లు వచ్చి పడతాయి. ఆటో జూమ్ కుడివైపే ఉండిపోతుంది. చూసేవాడికి లాగడం కనిపించింది, పట్టిక రావడం కనిపించలేదు. తర్వాత జూమ్ వెనక్కి వచ్చేసరికి అక్కడ ఏదో అయిపోయి ఉంటుంది.

అందుకే రికార్డింగ్‌కి ముందే స్క్రీన్ సర్దుకోండి. ఆ పేన్‌ని పై అంచు దగ్గర పట్టుకుని పట్టిక పక్కకి లాగేయొచ్చు. Ctrl+F1 కొడితే రిబ్బన్ ముడుచుకుంటుంది. షీట్‌ని ఎక్సెల్‌లోనే 150% చేయండి. ఇప్పుడు పేన్, పట్టిక రెండూ ఒకే ఫ్రేములో పడతాయి, ఆ భాగం మొత్తానికి ఒక్క జూమ్ చాలు. కర్సర్ కదలకముందే ఆ జూమ్ ముగిసిపోవాలి. ఫీల్డ్ లాగుతుండగా ఫ్రేము కూడా కదిలితే కన్ను దేన్నీ పట్టుకోలేదు.

ఇంకోటి, 1080లో రికార్డు చేసి రెండింతలు జూమ్ చేస్తే అక్షరాలు మసకబారతాయి. 4K మానిటర్ ఉంటే 3840×2160లో రికార్డు చేసి 1080 టైమ్‌లైన్‌లో వేయండి, రెండింతల దాకా పదునుగానే ఉంటాయి.

టాలీ_మాస్టారు: నేను టాలీ ప్రైమ్ చెప్తాను. వలయం ఎంత పెద్దది పెట్టినా పిల్లలు "సార్, ఎక్కడ నొక్కారు?" అని అడుగుతూనే ఉన్నారు. ఎరుపు రంగైతే బాగుంటుందా?

రమాదేవి: మాస్టారూ, టాలీలో మీరు మౌస్ ముట్టుకునేదే తక్కువ కదా! F8 నొక్కి సేల్స్ వోచర్ తెరుస్తారు, Ctrl+A తో సేవ్ చేస్తారు. సేవ్ కాగానే ఖాళీ వోచర్ వచ్చేస్తుంది, నింపింది ఎటు పోయిందో వాళ్ళకి తెలియదు. మీకు కావాల్సింది వలయం కాదు, నొక్కే కీ పేరు తెర మీద పడటం. అదీ నొక్కడానికి కాస్త ముందే పడాలి.

నవీన్ గారూ, వలయం ఎప్పుడూ ఉంటే సెల్‌లో అంకెని కప్పేస్తుంది. పవర్‌టాయ్స్‌లో మౌస్ హైలైటర్ ఉంది, Win+Shift+H తో మొదలవుతుంది. నొక్కినప్పుడే రంగు వచ్చేలా దాన్ని పెట్టుకోండి. ఓబీఎస్‌లో అయితే కర్సర్ వీడియోలోనే అచ్చయిపోతుంది, తర్వాత మార్చలేరు. కామ్‌టేసియా దాన్ని విడిగా దాచుకుంటుంది కాబట్టి ఎడిటింగ్‌లో పెంచుకోవచ్చు.

కిరణ్_కట్స్: ఇంత సర్దుకుంటూ కూర్చుంటే వీడియో ఎప్పుడు బయటికొస్తుంది అక్కా? నిశ్శబ్దం కోస్తే సగం పని అయిపోయినట్టే.

రమాదేవి: నిశ్శబ్దమంతా వృథా కాదు తమ్ముడూ. పట్టిక పడ్డాక ఒకటిన్నర సెకన్లు నోరు మూసుకోవాలి, చూసేవాడు చదువుకునే సమయం అది. నీ కమాండ్ ముందు దాన్నే కోసేస్తుంది. "ఇప్పుడు మనం ఏం చేయబోతున్నామంటే, ఇన్సర్ట్ ట్యాబ్ మీదికి వెళ్ళి..." అన్న నిజమైన వృథాని మాత్రం అలాగే ఉంచుతుంది, అందులో మాట ఉంది కదా.

అది స్క్రిప్ట్‌లోనే పోవాలి. నేను కాగితం మీద రెండు వరసలు రాసుకుంటాను, ఎడమవైపు చేతి పని, కుడివైపు మాట. చేయి Insert, PivotTable నొక్కుతుంటే నోరు "జిల్లాల వారీగా మొత్తం కావాలి, ఫార్ములా అక్కర్లేదు" అంటుంది. డైలాగ్ తెరుచుకోగానే "రేంజ్ తనే పట్టుకుంది, OK" అంటాను. చేయి ఏం చేస్తోందో తెర చూపిస్తుంది, ఎందుకో మాట చెప్పాలి. కుడి వరసలో మాట లేకుండా పని మాత్రమే మిగిలితే, అక్కడ వేగం పెంచాలో కోయాలో రికార్డింగ్‌కి ముందే తెలిసిపోతుంది.

శ్రావణి_హైద్: స్క్రిప్ట్ చూసి చదివితే వార్తలు చదివినట్టుంటుందండీ. నేను తడబడినా సరే మాట్లాడుతూనే రికార్డు చేస్తా. దారి తప్పి Ctrl+Z కొట్టడం కూడా నేర్చుకునేవాళ్ళకి పనికొస్తుంది.

రమాదేవి: Ctrl+Z ఉంచండి, అది పాఠమే. మెనూ ఎక్కడుందా అని కర్సర్ వెతుక్కునే పది సెకన్లు ఎవరికి పనికొస్తాయి?

శ్రావణి_హైద్: కొత్తవాళ్ళూ అక్కడే వెతుక్కుంటారు కదా. నేనైతే తీసెయ్యను.

నవీన్_పాఠాలు: పేన్ పక్కకి జరిపి పివట్ భాగం మళ్ళీ తీశాను. జూమ్ ఒక్కటే, ఫోన్‌లో జిల్లా పేర్లు చదవగలుగుతున్నా. కానీ Value Field Settings తెరిస్తే ఆ డైలాగ్ వచ్చి పట్టిక మీదే కూర్చుంటోంది. దాన్ని పక్కకి లాగడం వీడియోలో ఉంచాలా, కోసెయ్యాలా?

కిరణ్_కట్స్: కోసెయ్.

శ్రావణి_హైద్: ఉంచండి. లేకపోతే డైలాగ్ ఉన్నట్టుండి ఇంకోచోటికి దూకినట్టు కనిపిస్తుంది.