"నాట్ ఆల్" తెలుగులో రాస్తే "ఏదీ కాదు" అని ధ్వనిస్తోంది, ఎలా సరిచేయాలి?

విశాఖ తీరంలో పెట్టే హెచ్చరిక బోర్డుకి ఇంగ్లీషు నుంచి తెలుగు చేస్తున్నాను. వాక్యం చిన్నదే: నాట్ ఆల్ బీచెస్ ఆర్ సేఫ్ ఫర్ స్విమ్మింగ్.

మొదట "అన్ని బీచ్‌లూ ఈతకు సురక్షితం కావు" అని రాశాను. నలుగురికి చూపిస్తే ఇద్దరు "అంటే ఎక్కడా దిగకూడదా?" అన్నారు. తప్పు వాళ్లది కాదు. మన వాక్యంలో "కావు" చివర వస్తుంది. అది "అన్ని"ని కాదంటోందా, "సురక్షితం"ని కాదంటోందా అన్నది పలికేటప్పుడు "అన్ని" మీద ఒత్తు పెడితే తెలుస్తుంది. బోర్డుకి గొంతు లేదు కదా.

"ఏ బీచూ సురక్షితం కాదు" అంటే అసలు ఒక్కటీ కాదనే. "కొన్ని బీచ్‌లు సురక్షితం కావు" అంటే అయోమయం పోతుంది గానీ, ప్రమాదం ఎక్కడో రెండుమూడు చోట్లే ఉన్నట్టు తేలికపడిపోతోంది. "సురక్షితమైనవేమీ కావు" అని "ఏమీ" చేర్చి చూశాను. మాటల్లో బాగుంది, బోర్డు మీద ఎత్తిపొడుపులా ఉంది.

ప్రస్తుతం "అన్ని బీచ్‌లూ ఈతకు సురక్షితం అనుకోవద్దు" దగ్గర ఆగాను. అర్థం స్పష్టమే. కానీ మూలంలో ఉన్నది సమాచారం, ఇది నిషేధం అయిపోయింది. కింది వరుసలో ఎలాగూ "ఎర్ర జెండా ఉంటే నీళ్లలో దిగవద్దు" అని ఉంది. రెండు "వద్దు"లు పక్కపక్కన పడితే అసలు నిషేధం పలచబడుతోంది.

"వద్దు" వాడకుండా, ఒకే వరుసలో, "అన్నీ కాదు, కొన్నే" అన్న అర్థం మాత్రమే వచ్చేలా ఈ వాక్యాన్ని మీరైతే ఎలా రాస్తారు?