పిల్లల సీటు ఎంత బిగించినా వదులైపోతోంది, ఎవరైనా చెప్పండి

అమలాపురం నాన్న: మధ్యాహ్నం నుంచి భోజనం కూడా మానేసి కార్లోనే ఉన్నానండి. మా మూడేళ్ళ బాబు సీటు వెనక పెట్టి బెల్టుతో బిగిస్తే, రెండుసార్లు ఊపేసరికి వదులైపోతోంది. బెల్టు చివరిదాకా లాగి వదిలితే టకటకమంటూ లోపలికే వెళ్తుంది, మళ్ళీ బయటకి రాదు అని పుస్తకంలో రాశాడు. ఎంత లాగినా ఆ చప్పుడే లేదు. కారు కొని ఏడాది కాలేదు, అప్పుడే బెల్టు పాడైందా? రేపు పొద్దున్నే అన్నవరం వెళ్ళాలి.

షెడ్డు మేస్త్రి: ఒక్క కుదుపుతో లాగండి. ఆగితే బెల్టు బాగున్నట్టే.

అమలాపురం నాన్న: ఆగుతోంది. మెల్లగా లాగితే వచ్చేస్తోంది. అదే కదా గొడవ.

భీమవరం చెరువులు: ఆ కుదుపుకి ఆగేదే ప్రీటెన్షనరండి. ముందు సీట్లకి ఉంటుంది, వెనక చాలా కార్లకి ఉండదు. బాబు సీటు ముందు పెట్టేయండి, గుద్దుకుంటే అదే బిగిస్తుంది. నాది రావులపాలెం దగ్గర లారీకి తగిలినప్పుడు టప్‌మని బెల్టు బిగుసుకుంది. ఇప్పటికీ కదలదు, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతూనే ఉంది. విప్పి గ్రీజు పెడితే వస్తుందా?

రిటైర్డు మాస్టారు: అసలు మోటారు వాహనాల చట్టం 194బి సెక్షను ఎంతమంది చదివారు? 14 ఏళ్ళలోపు పిల్లల్ని బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా తిప్పితే 1000 రూపాయల జరిమానా. మన ఏటిగట్ల మీద పిల్లాణ్ణి స్టీరింగు ముందు కూర్చోబెట్టుకుని నడిపే తండ్రుల్ని రోజూ చూస్తున్నాను.

అమలాపురం నాన్న: మాస్టారూ, కట్టడానికే కదండీ ఈ అవస్థ.

పాలకొల్లు టు పుణె: పిల్లల సీట్ల పరీక్షల్లోనే పని చేస్తానండి. ముందు ఒకటి చెప్పండి, ఆ సీటు ఎక్కడ కొన్నారు?

అమలాపురం నాన్న: మా బావగారు డాలస్ నుంచి తెచ్చారు. దానికీ దీనికీ సంబంధం ఏంటి?

పాలకొల్లు టు పుణె: కథంతా అక్కడే ఉంది. పుస్తకంలో రాసింది అమెరికా కార్ల బెల్టు గురించి. అక్కడ పిల్లల సీట్ల కోసమే, చివరిదాకా లాగితే వెనక్కే తప్ప ముందుకు రాని ఏర్పాటు పెడతారు. మన కార్లలో మామూలుగా అది ఉండదు, కుదుపుకో బ్రేకుకో మాత్రమే లాక్ పడుతుంది. మీరు మెల్లగా ఊపుతుంటే వదులిస్తూ పోతుంది. బెల్టు పాడవ్వలేదు.

భీమవరం గారూ, కుదుపుకి ఆగేది వేరు, ప్రీటెన్షనర్ వేరు. అది గుద్దుకున్నప్పుడే, చిన్న మందు పేలి, సెకనులో వందో వంతు చిల్లరలో బెల్టుని కొన్ని అంగుళాలు లాగేస్తుంది. ఒక్కసారికే. మీది పేలిపోయింది, గ్రీజుతో రాదు. ఆ బెల్టు మార్చాలి, ఎయిర్‌బ్యాగ్ కంప్యూటరు చూపించాలి. పైగా ముందు బెల్టులో లోడ్ లిమిటరని ఒక కడ్డీ ఉంటుంది. లాగుడు సుమారు 400 కిలోలు దాటితే మెలితిరిగి, పెద్దవాళ్ళ పక్కటెముకలు విరక్కుండా బెల్టుని కొంచెం వదులుతుంది. అక్కడ ఎదురుగా ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది కాబట్టి సరిపోతుంది. పసివాణ్ణి ఆ ఎయిర్‌బ్యాగ్ ముందు పెట్టమనకండి.

భీమవరం చెరువులు: మా షోరూమ్‌లో అన్నీ ప్రీటెన్షనరనే అన్నారు మరి.

షెడ్డు మేస్త్రి: వాళ్ళు అలాగే అంటారు.

పాలకొల్లు టు పుణె: నాన్నగారూ, వెనక సీటు దిండుకీ వీపుకీ మధ్య చెయ్యి పెట్టండి. పెన్సిలంత లావు ఇనప కడ్డీలు రెండు తగులుతాయా? 28 సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి.

అమలాపురం నాన్న: ఆయ్, ఉన్నాయండి! ఐసోఫిక్స్ అని చీటీ కూడా ఉంది. మా సీటు కింద కొక్కేలున్న పట్టీ ఉంది, అది ఇంకెందుకోననుకున్నా.

పాలకొల్లు టు పుణె: దానికే. అమెరికా వాళ్ళదీ అదే లావు, అదే దూరం. బెల్టు తీసేయండి, రెండూ కలిపి వాడమని మీ పుస్తకంలో ఉంటే తప్ప వాడొద్దు. కొక్కేలు తగిలించి, మోకాలు సీట్లో వేసి నొక్కుతూ పట్టీ లాగండి. పట్టీ దూరే చోట పట్టుకుని ఊపి చూడండి, ఒక అంగుళం కంటే కదలకూడదు. పై అంచు పట్టుకుని ఊపితే ఏ సీటైనా ఊగుతుంది. బాబు బరువెంత?

అమలాపురం నాన్న: 14 కిలోలు. సీటు మీద చీటీలో 45 పౌన్లు అని ఉంది.

పాలకొల్లు టు పుణె: 14 కిలోలంటే 31 పౌన్లు, ఇబ్బంది లేదు. 45 దాటాక ఈ కొక్కేలు వద్దు, బెల్టే వాడాలి, అప్పుడు బెల్టు జారకుండా పట్టే క్లిప్పు కావాలి. సీటు పైన వీపు దగ్గర ఇంకో పట్టీ ఉండాలి, దాన్నేం చేశారు?

అమలాపురం నాన్న: డిక్కీలో సామాను వల కట్టే రింగుకి తగిలించా.

పాలకొల్లు టు పుణె: తీసేయండి. ఆ రింగు సంచులు ఆపడానికి, ఊడి వచ్చేస్తుంది. గుద్దుకున్నప్పుడు సీటు పైభాగం ముందుకు విసురుకోకుండా, బాబు తల ముందు సీటుకి తగలకుండా ఆపేది ఆ పట్టీయే. లంగరు గుర్తున్న కొక్కెం వెనక సీటు వీపు మీదో, పైన అరలోనో ఉంటుంది. కారు పుస్తకంలో చూడండి.

రిటైర్డు మాస్టారు: అన్నవరం వెళ్ళేటప్పుడు 216 మీద నెమ్మదిగా వెళ్ళండి.

అమలాపురం నాన్న: కింద కదలట్లేదండీ, థాంక్స్. పై కొక్కెం పొద్దున వెలుతుర్లో వెతుకుతా.

భీమవరం చెరువులు: మరి నా బెల్టు సెకండ్ హ్యాండ్‌ది వేయించుకోవచ్చా?