సెల్ఫ్ అప్రైజల్‌లో పెద్ద శాతం రాయాలా, నిలబడే శాతం రాయాలా? అసలు లోపం చెప్పాలా?

హైటెక్ సిటీ సపోర్ట్ (ప్రశ్న)

నేను ఒక సాఫ్ట్‌వేర్ ఉత్పత్తికి కస్టమర్ సపోర్ట్ అందించే ఆరుగురి బృందంలో పనిచేస్తున్నాను. మార్చి నెలాఖరులోగా సెల్ఫ్ అప్రైజల్ ఫారం నింపాలి. గత సంవత్సరం మా బృందానికి ఒక టికెట్, అంటే కస్టమరు నమోదు చేసిన ఒక సమస్య, పరిష్కరించడానికి సగటున 8 గంటలు పట్టింది. ఈ సంవత్సరం 900 టికెట్లకు సగటు 4.5 గంటలే. తరచూ వచ్చే సమస్యలకు 12 పరిష్కార పత్రాలు నేను రాశాను, వాటిని బృందమంతా వాడుతోంది. 44 శాతం తగ్గింపును నా విజయంగా రాయవచ్చా? సేవకు రెండు పెద్ద అంతరాయాలు వచ్చినప్పుడు ఎస్కలేషన్, అంటే సమస్యను పై స్థాయికి అప్పగించడం, ఆలస్యంగా చేశానన్న నిజాన్ని 'మెరుగుపడవలసిన అంశాలు' గడిలో రాయాలా, లేక ఎవరికీ ఇబ్బంది లేని మాట ఏదైనా రాసి ఊరుకోవాలా?

అమీర్‌పేట శిక్షకుడు

44 శాతం తప్పకుండా రాయండి. మా దగ్గరికి రెజ్యూమె దిద్దించుకోవడానికి వచ్చేవారికి నేను మొదట చెప్పేది ఇదే: 'బాధ్యతగా పనిచేశాను', 'బృందానికి తోడ్పడ్డాను' వంటి వాక్యాలు ఎవరి ఫారంలోనైనా ఇమిడిపోతాయి కనుక అవి ఎవరి గురించీ ఏమీ చెప్పవు. మొదట ఎంత ఉండేది, ఇప్పుడు ఎంతకు వచ్చింది, ఎంత కాలంలో వచ్చింది అన్న మూడూ ఉంటేనే అది విజయంగా కనిపిస్తుంది. మీ సంఖ్యను డబ్బులోకి కూడా మార్చవచ్చు. టికెట్‌కు 3.5 గంటల చొప్పున 900 టికెట్లకు 3,150 గంటలు ఆదా అయ్యాయి, వాటిని గంట జీతంతో గుణించి చూపండి. లోపాల గడిలో ప్రెజెంటేషన్ నైపుణ్యం పెంచుకోవాలని రాస్తే సరిపోతుంది.

మియాపూర్ మేనేజరు

శిక్షకుడు గారు చెప్పిన మొదటి మాటతో ఏకీభవిస్తాను, గుణకారంతో మాత్రం ఏకీభవించలేను. టికెట్ తెరిచినప్పటి నుంచి మూసేదాకా గడిచిన సమయం కస్టమరు ఎదురుచూసిన సమయం. అందులో ఎక్కువ భాగం టికెట్ వరుసలో నిలిచి ఉన్నదీ, కస్టమరు జవాబు కోసం మీరు ఆగినదీ అయి ఉంటుంది. ఆ గంటలను ఉద్యోగి జీతంతో గుణిస్తే వచ్చే మొత్తాన్ని ఎవరూ ఆదా చేయలేదు. దాన్ని ఫైనాన్స్ తెలిసినవారు ఒక్కరు చదివినా మీ ఫారంలోని మిగతా సంఖ్యలపై కూడా నమ్మకం పోతుంది.

అడిగినవారికి నాదొక ప్రశ్న. ఒక్క ఏడాదిలో సగటు దాదాపు సగానికి పడిపోవడం మామూలుగా జరిగేది కాదు. ఈ మధ్యలో మీకు వచ్చే టికెట్ల రకం ఏమైనా మారిందా?

హైటెక్ సిటీ సపోర్ట్

మారిందండి. డేటాబేస్ టికెట్లన్నీ గత ఏప్రిల్ నుంచి వేరే బృందానికి వెళ్లాయి. గత సంవత్సరం మొత్తం 1,000 టికెట్లలో అవి 200, వాటి సగటు 20 గంటలు. మిగిలిన 800 సాధారణ టికెట్లకు సగటు 5 గంటలు.

మియాపూర్ మేనేజరు

అయితే జవాబు మీ దగ్గరే ఉంది. గత సంవత్సరపు 8 గంటల సగటును పైకి లాగినవి ఆ 200 డేటాబేస్ టికెట్లు. అవి తప్పుకున్నందువల్ల, మీరు ఏ పనీ చేయకపోయినా ఈ సంవత్సరం సగటు 5 గంటలకు దిగి ఉండేది. సాధారణ టికెట్లను సాధారణ టికెట్లతోనే పోల్చి చూస్తే 5 గంటల నుంచి 4.5 గంటలకు తగ్గింది, అంటే 10 శాతం. 44 శాతం అబద్ధం కాకపోవచ్చు, కానీ అందులో అధిక భాగం పని పంపకం మారినందువల్ల వచ్చింది. డేటాబేస్ బృందం మేనేజరు కూడా రేటింగులు సరిచూసే సమావేశంలోనే కూర్చుంటారని మరిచిపోకండి.

10 శాతం చిన్నదని నిరాశపడే ముందు ఇంకొక లెక్క వేయండి. టికెట్ మూసేటప్పుడు ఏ పరిష్కార పత్రం వాడారో మీ వ్యవస్థలో నమోదు అవుతుంటే, ఆ పత్రాలు వాడిన టికెట్లను, వాడని టికెట్లను విడదీసి రెండింటి సగటూ చూడండి. అలాగే తిరిగి తెరుచుకున్న టికెట్ల శాతాన్ని తప్పకుండా చూడండి. తొందరపడి మూసేసిన టికెట్ మళ్లీ తెరుచుకుంటే కొన్ని వ్యవస్థల్లో గడియారం మొదటి నుంచి మొదలవుతుంది. అలాంటి చోట పని నాణ్యత పడిపోతున్నా సగటు మాత్రం బాగుపడుతున్నట్లే కనిపిస్తుంది.

హైటెక్ సిటీ సపోర్ట్

తీసి చూశాను. 900లో 300 టికెట్లకు నా పత్రాలు వాడారు, వాటి సగటు 3.5 గంటలు. మిగిలిన 600 టికెట్లకు సగటు 5 గంటలే, ఏమీ మారలేదు. తిరిగి తెరుచుకున్నవి గత సంవత్సరం సాధారణ టికెట్లలో 8 శాతం, ఈ సంవత్సరం 7 శాతం.

మియాపూర్ మేనేజరు

మీరు రాయవలసింది ఇదే. బృందమంతటి 10 శాతంలో మీ వాటా ఎంత అని వెతుక్కోవలసిన అవసరం ఇప్పుడు లేదు, ఎందుకంటే మీ పత్రాలు చేరిన మూడో వంతు టికెట్లలో సమయం 30 శాతం తగ్గింది, చేరని చోట తగ్గలేదు, మొత్తం మీద టికెట్లు తిరిగి తెరుచుకోవడమూ పెరగలేదు. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. పత్రాలు రాసినవి తేలిక సమస్యలకే అయితే ఆ 300 టికెట్లు గత సంవత్సరం కూడా త్వరగానే ముగిసి ఉండవచ్చు. కనుక అవే రకాల సమస్యలకు గత సంవత్సరం ఎంత పట్టిందో సరిచూసుకున్న తరువాతనే 30 శాతం అని రాయండి.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి, తార్నాక

ఇంత చర్చ ఎందుకో నాకు అర్థం కావడం లేదు. మా వద్ద ఏపీఏఆర్ అనే వార్షిక పనితీరు నివేదిక ఉంటుంది. 2008లో దేవ్‌దత్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన తరువాత, 2009 నుంచి నివేదిక మొత్తాన్ని ఉద్యోగికి చూపించాలి. గ్రేడు అన్యాయంగా ఉందనిపిస్తే 15 రోజుల్లో విజ్ఞాపన ఇవ్వవచ్చు. నా విషయంలో ఒకసారి గ్రేడు తగ్గితే విజ్ఞాపన ఇచ్చి సరిచేయించుకున్నాను. మీరు కూడా ముందు రేటింగ్ రానివ్వండి, తక్కువ వస్తే అప్పుడు రాతపూర్వకంగా అడగండి.

మియాపూర్ మేనేజరు

తార్నాక గారూ, ఆయన అడిగింది రేటింగ్ వచ్చిన తరువాతి సంగతి కాదు. అయినా మీ మాటలోంచి ఒక ముఖ్యమైన తేడా బయటపడింది. ప్రైవేటు కంపెనీల్లో ఆ తీర్పు, ఆ 15 రోజుల గడువు వర్తించవు. కంపెనీ తనంతట తాను ఏర్పరచుకున్న పద్ధతి ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. అందువల్ల ఇక్కడ ముందుగా రాసే ఫారమే దాదాపు ఉద్యోగికి దొరికే ఏకైక రాతపూర్వక అవకాశం.

కొండాపూర్ నివాసి

సంఖ్యల విషయంలో మేనేజరు గారితో నాకు పేచీ లేదు. లోపాల గడి గురించి మాత్రం వ్యతిరేక అనుభవం చెప్పాలి. నేను ఇదివరకు పనిచేసిన ఒక కంపెనీలో, అంచనాల్లో నేను తరచూ తక్కువ రోజులు చెబుతున్నానని, దాన్ని సరిచేసుకుంటున్నానని నిజాయితీగా రాశాను. ఆ సంవత్సరం మేనేజరు దాన్ని మెచ్చుకున్నారు. తరువాత ఆయన బదిలీ అయ్యారు. కొత్తగా వచ్చిన వ్యక్తి పాత ఫారం తెరిచి, నేను రాసిన వాక్యాన్నే నాకు చదివి వినిపించి, రేటింగ్ ఒక మెట్టు తగ్గించారు. ప్రతి బృందంలో ఇంత శాతం మందికి తక్కువ రేటింగ్ ఇవ్వాల్సిందే అన్న నిబంధన ఉన్న చోట, ఎవరికి ఇవ్వాలా అని వెతికే మనిషికి మన చేతి రాతే ఆధారం అవుతుంది. మైక్రోసాఫ్ట్ వంటి సంస్థ 2013లోనే ఆ పద్ధతిని వదులుకుంది, కానీ మన నగరంలో దాన్ని పట్టుకుని వేలాడే కంపెనీలు ఇప్పటికీ ఉన్నాయి. మనిషిని నమ్మి రాసిన మాట, మనిషి వెళ్లిపోయాక కూడా సిస్టంలో ఉండిపోతుంది.

అమీర్‌పేట శిక్షకుడు

అందుకే కదా ప్రెజెంటేషన్ నైపుణ్యం అన్నాను.

మియాపూర్ మేనేజరు

కొండాపూర్ గారికి జరిగింది అన్యాయం. ఆ భయం ఊహించుకున్నది కాదు, రేటింగులు సరిచూసే సమావేశాల్లో కూర్చున్నవాడిగా నేను దాన్ని కాదనలేను. అయితే ఆ సమావేశాల్లో ఒక్కొక్కరి గురించి మాట్లాడడానికి దొరికేది కొద్ది నిమిషాలే. ఆ కొద్ది సమయంలో వేరే మేనేజరు ఎవరైనా 'ఆ అంతరాయం రోజున ఎస్కలేషన్ ఆలస్యం చేసింది ఇతనే కదా' అని అడిగితే, మీ ఫారంలో ప్రెజెంటేషన్ నైపుణ్యం అని మాత్రమే ఉంటే నేను చెప్పగలిగింది ఏమీ ఉండదు. అదే ఫారంలో ఆ సంగతి, దాని తరువాత మీరు మార్చుకున్న తీరు, ఆ మార్పుకు ఆధారం ఉంటే, నేను చదివి వినిపిస్తాను, ప్రశ్న అక్కడితో ముగుస్తుంది.

కనుక నేను పెట్టుకున్న గీటురాయి ఇది. అంతరాయం తరువాత రాసిన నివేదికలోనో, పదిమంది ఉన్న మెయిల్‌లోనో ఆ లోపం ఇప్పటికే నమోదై ఉంటే, మీ మాటల్లో మీరే రాయండి. ఎవరి దృష్టికీ రానిదీ, మీరింకా సరిచేయడం మొదలుపెట్టనిదీ అయితే, ముందు మేనేజరుతో ముఖాముఖి మాట్లాడండి, ఫారంలోకి వచ్చే ఏడాది తీసుకురండి. 'అతిగా కష్టపడతాను', 'అన్నీ పరిపూర్ణంగా ఉండాలనుకుంటాను' వంటి పొగడ్తను లోపంగా రాస్తే, చదివినవారు దాన్ని లోపంగానూ తీసుకోరు, పొగడ్తగానూ తీసుకోరు.

హైటెక్ సిటీ సపోర్ట్

నా రెండు అంతరాయాలూ నివేదికల్లో ఉన్నాయి. ముసాయిదా ఇలా రాశాను, తప్పులుంటే చెప్పండి.

"తరచూ వచ్చే సమస్యలకు 12 పరిష్కార పత్రాలు రాశాను. ఈ సంవత్సరం 900 టికెట్లలో 300 టికెట్లకు బృందం వీటిని వాడింది. ఇవే రకాల సమస్యలకు గత సంవత్సరం సగటున 5 గంటలు పట్టగా, ఈ సంవత్సరం 3.5 గంటలు పట్టింది. బృందం మొత్తం సగటు 8 నుంచి 4.5 గంటలకు తగ్గడంలో అధిక భాగం డేటాబేస్ టికెట్లు వేరే బృందానికి వెళ్లినందువల్ల వచ్చినది కనుక దాన్ని నా ఫలితంగా చూపడం లేదు.

మెరుగుపడవలసిన అంశం: తీవ్రమైన అంతరాయాల్లో ఒక గంటలోపు ఎస్కలేషన్ చేయాలన్నది నియమం. జూన్, ఆగస్టు నెలల్లో వచ్చిన రెండింటిలో నేనే పరిష్కరించగలనని భావించి సుమారు మూడు గంటలు ఆగాను. సెప్టెంబరు నుంచి, 40 నిమిషాలకు కారణం తేలకపోతే ఎస్కలేషన్ చేస్తున్నాను. తరువాత వచ్చిన నాలుగు అంతరాయాల్లోనూ గంట దాటలేదు. కారణాన్ని త్వరగా గుర్తించడంలో ఇంకా వెనుకబడి ఉన్నాను. లాగ్‌లు చదవడంలో శిక్షణ కోరుతున్నాను."

అవే రకాల సమస్యల సగటును మేనేజరు గారు చెప్పినట్లే సరిచూశాను. అది నిజంగానే 5 గంటలు.

మియాపూర్ మేనేజరు

విజయం గురించిన భాగాన్ని ముట్టుకోకండి. రెండో భాగంలో 'నేనే పరిష్కరించగలనని భావించి' అన్నది బాగుంది, కారణం చెప్పింది, సాకు చెప్పలేదు. 'ఇంకా వెనుకబడి ఉన్నాను' అన్న వాక్యాన్ని తీసేసి, ఏ వ్యవస్థ లాగ్‌లలో మీకు సాయం కావలసి వస్తోందో దాని పేరు రాయండి. అప్పుడు అది మీ గురించిన తీర్పులా కాక, మేనేజరు ఆమోదించవలసిన శిక్షణలా చదవబడుతుంది.

కొండాపూర్ నివాసి

ఈ ముసాయిదాకు నా అభ్యంతరం లేదు, ఎందుకంటే ఆ తప్పు ఎలాగూ నివేదికలో ఉంది. నివేదికలో లేని లోపం గురించి మాత్రం నా మాట మారదు. ఇంకొకటి, మీ మేనేజరు ఈ వేసవిలో మారే సూచన ఉంటే ఫారం పంపేలోపు ఈ భాగాన్ని ఆయనకు మెయిల్‌లో పంపి, సెప్టెంబరు తరువాతి మార్పును తానూ గమనించానని జవాబులో రాయించుకోండి. నా పాత ఫారంలో నేను రాసిన వాక్యం ఉంది కానీ, దాన్ని మెచ్చుకున్న ఆయన మాట ఎక్కడా రాతలో లేదు.

హైటెక్ సిటీ సపోర్ట్

మారతారనే వింటున్నాను. మెయిల్ రేపే పంపుతాను.