లేజర్, రాడార్: వీటిని పొడి అక్షరాలుగా లెక్కించాలా, పదాలుగానా?

ప్రశ్న: విజ్ఞాన వ్యాసాల పదసూచిక తయారు చేస్తున్నాను. బి.బి.సి.కి చుక్కలు పెట్టి లేజర్‌కు పెట్టకపోతే పద్ధతి తప్పినట్లు అనిపిస్తోంది. రెండూ ఆంగ్ల పదాల తొలి అక్షరాలే కదా, తేడా ఎలా గుర్తించాలి?

మొదటి సభ్యుడు: పలికి చూడండి. అక్షరం అక్షరంగా చదివితే పొడి అక్షరాలు, ఒకే మాటగా చదివితే పదం. ఇంతకు మించి చూడవలసినది లేదు.

భౌతికశాస్త్ర అధ్యాపకురాలు: ఉచ్చారణ మొదటి మెట్టు మాత్రమేనండీ. నాసాను కూడా ఒకే మాటగా పలుకుతాము గాని, అది ఇప్పటికీ ఒక సంస్థ పేరుకు కుదింపే. ఆంగ్లంలో సాధారణంగా పెద్ద అక్షరాలతోనే రాస్తారు. లేజర్ ఆ దశ దాటిపోయింది. లేజర్ రాకముందే మైక్రోవేవ్ తరంగాలను పెంచే మేజర్ అనే పరికరం ఉండేది. అమెరికా భౌతికశాస్త్రవేత్త గోర్డన్ గూల్డ్ 1957లో తన నోటుపుస్తకంలో మైక్రోవేవ్‌కు బదులు కాంతిని సూచించే ఆంగ్ల మాట తొలి అక్షరం పెట్టి లేజర్ అని రాసుకున్నారు. అంటే, అప్పటికి ఆ పేరులో ఒక్కొక్క అక్షరానికీ అర్థం ఉంది, ఒకటి తీసి మరొకటి పెట్టగలిగారు. తరువాత ఆంగ్లంలో చివరి ధ్వనిని తొలగించి ‘లేజ్’ అనే క్రియను కూడా పుట్టించారు. చివరి అక్షరం రేడియేషన్‌ను సూచిస్తుందన్న స్పృహ ఉంటే ఎవరూ అలా కోయరు. పేరులోనే కాంతి ఉన్నా, ‘లేజర్ కాంతి’ అన్నప్పుడు పునరుక్తి మనకు తోచకపోవడమూ అందుకే. విస్తృత రూపం తెలియకుండానే మాటను వాడగలుగుతున్నామా, దాని నుంచి కొత్త రూపాలు పుడుతున్నాయా అని చూస్తే చాలావరకు తేలిపోతుంది.

మరొక సభ్యుడు: మా కార్యాలయంలో మోడెమ్ పాడైనప్పుడల్లా దాని పూర్తి పేరు ఏమిటని అడుగుతుంటారు. అదీ ఇలాంటిదేనా?

అధ్యాపకురాలు: కాదు. మాడ్యులేటర్, డీమాడ్యులేటర్ అనే రెండు మాటల ముక్కలను అతికించినది అది. అయితే ఈ గీత మరీ స్పష్టమైనది కాదని ఒప్పుకోవాలి, ఎందుకంటే 1940లో అమెరికా నౌకాదళం వాడుకలోకి తెచ్చిన రాడార్‌లో కూడా రేడియో అనే మాట నుంచి ఒక్క అక్షరం కాదు, రెండు అక్షరాలు తీసుకున్నారు. మిగిలినవన్నీ తొలి అక్షరాలే కాబట్టి దానిని లేజర్ సరసనే ఉంచుతాను.

ప్రశ్న అడిగినవారు: అయితే లేజర్, రాడార్, సోనార్‌లను చుక్కలు లేకుండా, ‘లేజర్లు’, ‘రాడార్‌తో’ అన్నట్లు మామూలు నామవాచకాలుగా రాసి, పుట్టుకను పదసూచికలో ఒక్కసారి చెబుతాను. మరి డేటాబేస్‌లకు వాడే కంప్యూటర్ భాష ఎస్.క్యూ.ఎల్. సంగతి?

మొదటి సభ్యుడు: మేము దానిని సీక్వెల్ అనే అంటాము కనుక పదమే.

అధ్యాపకురాలు: విడివిడిగా పలికేవారూ అంతే మంది కనిపిస్తారు, రాయడం మాత్రం అందరూ పెద్ద అక్షరాలతోనే రాస్తారు. నేనైతే ప్రస్తుతానికి చుక్కలు ఉంచుతాను. మీ పాఠకులు ఎలా పలుకుతారో చూసి మీరు నిర్ణయించుకోండి.