అప్‌డేట్: మేకప్ మీద సన్‌స్క్రీన్ మళ్లీ రాయడం, జిడ్డు చర్మం

నా ప్రశ్న: "మధ్యాహ్నానికి ముఖం జిడ్డోడుతుంది. సన్‌స్క్రీన్ స్టిక్ రాస్తే ఫౌండేషన్ ఉండలు కట్టి లేచిపోతోంది. పౌడర్ సన్‌స్క్రీన్ ఒక్కటీ సరిపోతుందా?"

సమాధానాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. సమస్య తీరింది. "ముందు జిడ్డు తీయండి" అన్న సలహానే పనిచేసింది. స్కిన్ డాక్టర్ కూడా అదే చెప్పారు: స్టిక్‌లో మైనం, నూనెలు ఉంటాయి కాబట్టి జిడ్డు మీద రుద్దితే కింద ఉన్న ఫౌండేషన్ కదిలిపోతుంది.

ఇప్పుడు టిష్యూతో ముక్కు, నుదురు, గడ్డం అద్దుతాను, తుడవను. తర్వాత స్టిక్‌ని తేలికగా, ఒక్కో చోట నాలుగుసార్లు పోనిస్తాను. ఒక్కసారి గీస్తే పొర చాలా పలచగా పడుతుందట. అంచులు పొడి స్పాంజితో అద్దితే గీతలు కనబడవు. స్టిక్ కొనకి ఫౌండేషన్ రంగు అంటుకుంటుంది, ప్రతిసారీ టిష్యూతో తుడిచేయాలి. లేకపోతే మర్నాడు అదే ముఖమంతా మచ్చలుగా పడుతుంది.

పౌడర్ ఒక్కటీ చాలదు. డబ్బా మీద రాసిన ఎస్‌పీఎఫ్ రావాలంటే చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాముల చొప్పున పడాలి, బ్రష్‌తో అంత పడదు. స్టిక్ తర్వాత మెరుపు తగ్గించడానికి మాత్రం బాగుంటుంది. స్ప్రే నేరుగా ముఖానికి కొట్టొద్దన్నారు, ఊపిరిలోకి పోతుంది. అరచేతిలో కొట్టుకుని అద్దుకోవచ్చు గానీ నాకు మేకప్ చెదిరింది.

ఫౌండేషన్, ప్రైమర్ మార్చి చూశాను, తేడా ఏమీ లేదు. కిటికీకి దూరంగా కూర్చునే రోజు బయటికెళ్లే ముందు ఒక్కసారి రాస్తే చాలన్నారు. ఎండలో తిరిగితే మాత్రం రెండు గంటలకోసారి తప్పదు.