కోట్లను మిలియన్లు చేయడానికి పదితో గుణిస్తే చాలా, రూపాయల దాకా వెనక్కి వెళ్లాలా?

కిరణ్:
మా కంపెనీ లెక్కలు కోట్లలో, రెండు దశాంశాలతో ఉంటాయి. విదేశీ ఇన్వెస్టర్ అవే లెక్కల్ని దశాంశాలు లేకుండా పూర్తి మిలియన్లలో అడిగాడు. నేను ప్రతి అంకెనూ పదితో గుణించి రౌండ్ చేశాను. మా సీనియర్ చూసి, ట్రయల్ బ్యాలెన్స్ నుంచి మళ్లీ చేసుకు రమ్మన్నారు. కోటి అంటే పది మిలియన్లే కదా, తేడా ఎక్కడి నుంచి వస్తుంది?

రమేశ్:
మీ సీనియర్‌ది అతి జాగ్రత్త. పదితో గుణించడమంటే చుక్కను ఒక స్థానం కుడికి జరపడమే. కోట్లలో రెండో దశాంశం అంటే లక్ష రూపాయలు, మిలియన్లలో మొదటి దశాంశం అన్నా లక్ష రూపాయలే. 24.45 కోట్లు రాసినా 244.5 మిలియన్లు రాసినా పైసా తేడా ఉండదు. టెన్షన్ పడకండి.

వాసంతి:
రమేశ్ గారూ, మీ మాట చుక్క తర్వాత ఒక స్థానం ఉంచినంతవరకే నిజం. కిరణ్ గారి ఇన్వెస్టర్ ఆ ఒక్క స్థానం కూడా వద్దన్నాడు. గొడవంతా అక్కడే.

మీ అంకెతోనే చూద్దాం. లెడ్జర్‌లో ఉద్యోగుల ఖర్చు రూ. 24,44,60,000 అనుకోండి. కోట్లలో 24.446. దాన్ని రౌండ్ చేసి 24.45 అని రాశారు. పదితో గుణిస్తే 244.5, రౌండ్ చేస్తే 245. ఇప్పుడు రూపాయల నుంచి నేరుగా రండి: 244.46, అంటే 244. రౌండ్ చేసినదాన్నే మళ్లీ రౌండ్ చేయడం వల్ల ఒక మిలియన్, అంటే పది లక్షలు, కాగితం మీద పుట్టుకొచ్చింది. అన్ని అంకెలకూ ఇలా జరగదు. కోట్ల రెండో దశాంశం 5 అయినప్పుడు, అది కింది నుంచి పైకి రౌండ్ అయి 5 అయి ఉంటేనే దెబ్బ తింటాం. అరుదుగా వస్తుంది కాబట్టే ఎవరి కంటా పడదు.

ఎక్సెల్‌లో రూపాయల కాలమ్ B అయితే ఇంతే:

```
=ROUND(B2/10^6,0)
```

కోట్ల షీటును అసలు ముట్టుకోవద్దు. అదీ ఇదీ రెండూ రూపాయల నుంచే పుట్టాలి.

శేఖర్:
ఏ రేటు వాడుతున్నారో ఎవరూ చెప్పడం లేదు. మార్చి 31 నాటి డాలర్ రేటా, ఏడాది సగటా? దాన్నిబట్టే అంకె మారిపోతుంది.

వాసంతి:
శేఖర్ గారూ, ఇక్కడ డాలర్లు లేవు. అడిగింది రూపాయి మిలియన్లే. కానీ మీరు పొరబడినట్టే ఆ ఇన్వెస్టరూ పొరబడొచ్చు. కాలమ్ పైన ఉత్త ‘మిలియన్లు’ అని రాస్తే చాలామంది డాలర్లే అనుకుంటారు. ‘రూ. మిలియన్లలో’ అని ప్రతి పేజీలోనూ పెట్టాలి.

కిరణ్:
మేడం, మీ పద్ధతిలో ఒక విభాగం చేసి చూశాను. మూడు లైన్లు ఉన్నాయి.

ఉద్యోగులు 244.46, రవాణా 131.27, అద్దె 80.38. మొత్తం 456.11. రౌండ్ చేస్తే 244, 131, 80, మొత్తం 456. కానీ ఆ మూడూ కూడితే 455 వస్తోంది! నా పాత పద్ధతిలో 245, 131, 80 కూడితే సరిగ్గా 456. మరి ఏది తప్పు?

రమేశ్:
చూశారా, పదితో గుణిస్తేనే టాలీ అయింది :)

వాసంతి:
టాలీ అయినంత మాత్రాన అంకె సరైనదైపోదు. ఇక్కడ ఒక తప్పు వెళ్లి ఇంకో లోటును పూడ్చింది, అంతే. రౌండ్ చేసిన లైన్ల మొత్తం, రౌండ్ చేసిన మొత్తంతో కలవకపోవడం మామూలే. కోట్లలో కూడా చూడండి: 24.45, 13.13, 8.04 కూడితే 45.62. అసలు మొత్తం 45.61. మీ పాత రిపోర్టులోనే ఆ తేడా ఉంది, ఎవరూ కూడి చూసినట్టు లేదు.

మొత్తాన్ని లైన్ల నుంచి కాకుండా రూపాయల మొత్తం నుంచే తీసుకోండి. కింద ‘రౌండింగ్ వల్ల మొత్తాలు కలవకపోవచ్చు’ అని ఒక వాక్యం పెట్టండి.

పాత ఆడిటర్:
ఆ వాక్యం చాటున నిజమైన తప్పులు కూడా దాక్కుంటాయమ్మా. చదివేవాడు క్యాలిక్యులేటర్ తీసి కూడితే 455 వస్తుంది, ఇక మిగతా పేజీలను కూడా అనుమానంగా చూస్తాడు. మేం ఆ ఒక్క మిలియన్‌ను ఏదో ఒక లైన్‌లో సర్దేవాళ్లం. కిందికి రౌండ్ చేసినప్పుడు ఎక్కువ పోగొట్టుకున్న లైన్‌కే ఇవ్వాలి. ఇక్కడ 0.46 పోయింది ఉద్యోగుల ఖర్చులో. దాన్ని 245 చేస్తే అన్నీ కలుస్తాయి.

ఇంకో మాట. చట్టం ప్రకారం దాఖలు చేసే ఆర్థిక నివేదికల్లో షెడ్యూల్ III ప్రకారం మొత్తం ఆదాయం రూ. 100 కోట్లు, ఆపైన ఉంటే లక్షలు, మిలియన్లు, కోట్లలో ఏదైనా వాడొచ్చు. అంతకన్నా తక్కువైతే ఆ జాబితాలో కోట్లు లేవు. బిలియన్లు ఎవరికీ లేవు. ఎంచుకున్న యూనిట్‌నే అంతటా వాడాలి.

రమేశ్:
అంటే చివరికి నా 245కే వచ్చారు!

పాత ఆడిటర్:
నువ్వు తెలియక వచ్చావు బాబూ, నేను తెలిసి వచ్చాను. నా వర్కింగ్ పేపర్‌లో ‘244.46ను 245 చేశాం, కారణం ఇది’ అని రాసి ఉంటుంది.

వాసంతి:
సార్, సర్దితే అక్కడితో ఆగదు. ఉద్యోగుల ఖర్చుకు వెనక ఒక నోట్ ఉంటుంది. అందులో జీతాలు 221.18, పీఎఫ్ వగైరా 23.28 అనుకుందాం. రౌండ్ చేస్తే 221, 23, మొత్తం 244. ముందు పేజీలో 245, నోట్‌లో 244. ఇప్పుడు నోట్‌లో కూడా ఎవరికో ఒక మిలియన్ ఇవ్వాలి. 23ను 24 చేస్తే, పీఎఫ్ అంకె ఇంకోచోట ఉంటే అక్కడా మార్చాలి. వచ్చే ఏడాది ‘గత సంవత్సరం’ కాలమ్ నింపేవాళ్లు రూపాయల నుంచి వస్తే 244 వేస్తారు.

పద్మజ:
మీరు మిలియన్ దగ్గర కొట్టుకుంటున్నారు, నేను బిలియన్ల దగ్గరే మునిగాను. ఒక ప్రెజెంటేషన్‌లో 1,250 కోట్లను 1.25 బిలియన్ అని రాశాను. కామా ఉన్నచోట చుక్క పెడితే చాలనుకున్నా. అసలు 12.5 బిలియన్. వంద కోట్లు ఒక బిలియన్ అని తెలిసి కూడా చేతులు అలా పోయాయి. మీటింగ్‌లో ఒకరు ‘పోయినేడు 11 బిలియన్ కదా, ఇంతలా పడిపోయిందేం?’ అని అడిగేదాకా ఎవరం గమనించలేదు. అప్పటి నుంచి పక్కనే గత ఏడాది అంకె పెట్టుకుని చూస్తున్నా. పది రెట్ల తప్పయితే వెంటనే కనబడుతుంది.

రమేశ్:
సరే, ఒప్పుకుంటున్నాను. నేను కూడా ఒకటి చెబుతా. సెల్‌లో `=ROUND(244.5,0)` కొడితే 245. అదే మాక్రోలో వీబీఏ `Round(244.5)` ఇచ్చింది 244. సరిగ్గా సగం దగ్గర అది సరి సంఖ్య వైపు వెళ్తుంది. మా ఆఫీసులో సగం షీటు ఫార్ములాలతో, సగం మాక్రోతో నడుస్తోంది. రేపు వెళ్లి చూడాలి.

కిరణ్:
రూపాయల నుంచే మళ్లీ చేశాను. మొత్తం నలభై రెండు లైన్లలో నా పాత పద్ధతితో తేడా వచ్చింది రెండింట్లో మాత్రమే. సర్దాలా, కింద వాక్యం పెట్టాలా అన్నది సీనియర్‌ని అడిగితే, ‘ఇన్వెస్టర్‌నే అడుగు, ఒక దశాంశం ఉంచితే వాళ్లకేమైనా ఇబ్బందా?’ అన్నారు. మెయిల్ పెట్టాను, జవాబు రాలేదు.

పాత ఆడిటర్:
ఒక దశాంశం ఉంచినా కూడితే 0.1 తేడా రావచ్చు. 244.5, 131.3, 80.4 కూడి చూడు.