అప్‌డేట్: ఏ ఫైల్ పంపాలో తేలింది

నా ప్రశ్న: "మేడమ్ బడ్జెట్ ఫైల్ పంపమన్నారు, నా దగ్గర నాలుగు వెర్షన్లున్నాయి, ఏమని రిప్లై ఇవ్వాలి?"

నాలుగూ పంపేద్దామనుకున్నా గానీ, ముందు తెరిచి చూశా, మంచిదైంది. Budget_final.xlsx తేదీ అన్నిటికంటే కొత్తది, లోపల మాత్రం పాత అంకెలే. ఎవరో ఊరికే తెరిచి సేవ్ చేసినట్టున్నారు. ఇంకోటి దానికి నకలు. మిగిలిన రెండింటికీ తేడా ప్రయాణ ఖర్చుల వరుస ఒక్కటే.

అందుకే "ఏది కావాలి?" అని అడగకుండా ఇలా రాశా: "మేడమ్, మంగళవారం మీటింగ్‌లో చూపించింది ఒకటి, తర్వాత ప్రయాణ ఖర్చులు తగ్గించింది ఇంకోటి ఉన్నాయండి. తగ్గించినది జతచేశాను, మీటింగ్‌ది కావాలంటే చెప్పండి."

రెండు నిమిషాల్లో జవాబు: "మీటింగ్‌దే, ఆడిట్‌కి."

నా అంచనా తప్పింది, అయినా ఒక్క మెయిల్‌తో తేలిపోయింది. పేరు చివర మీటింగ్ తేదీ చేర్చి పంపేశా.